ఇరవై లక్షలకు పాతిక వాటా: ఆటోనగర్ ఫర్మ్‌లో మూడో భాగస్వామి డీడ్, క్లాజు క్లాజుగా

విశాఖ ఆటోనగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డు. పైపింగ్ సపోర్టులు, స్ట్రక్చరల్ పని, ట్యాంకుల మరమ్మతు చేస్తారు. 2014 నుంచి ఇద్దరు భాగస్వాములు, వరసకు బావా బావమరుదులు. లాభంలో బావది 60 శాతం, బావమరిదిది 40. పాతికేళ్లుగా పైపింగ్ కాంట్రాక్టుల్లో పనిచేసిన ఒక ఇంజనీరు రూ.20 లక్షలు పెట్టి 25 శాతం వాటాతో చేరతానన్నాడు. 45:30:25 నిష్పత్తితో కొత్త డీడ్ డ్రాఫ్టు తయారైంది. సంతకానికి వారం ముందు ఆయన దాన్ని చదివి చెప్పమని ఇచ్చాడు. పేర్లు తీసేసి, అంకెలు గుండ్రం చేసి ఆ కేసు ఇక్కడ పెడుతున్నాను. బావను పెద్దాయన అని, చేరేవాణ్ణి కొత్త భాగస్వామి అని పిలుద్దాం.

డ్రాఫ్టు పదకొండు పేజీలు. లాభం వాటా మూడో పేజీలో, పెట్టుబడి నాలుగులో, రిటైర్మెంటు ఎనిమిదిలో, ఫర్మ్ రద్దు చివర్లో ఉన్నాయి. చాలామంది మూడో పేజీలో 25 శాతం కనబడగానే తృప్తిపడి మిగతాది తిప్పేస్తారు. నిజానికి ఈ నాలుగూ ఒకే లెక్కకు నాలుగు ముక్కలు. అందుకే డీడ్ తెరవకముందు ఫర్మ్ బ్యాలెన్స్ షీట్ తెప్పించాం.

ముందు బ్యాలెన్స్ షీట్

2025 మార్చి 31 నాటికి పెద్దాయన పెట్టుబడి రూ.24 లక్షలు, బావమరిదిది 9 లక్షలు. పెద్దాయన ఫర్మ్‌కు విడిగా ఇచ్చిన అప్పు 8 లక్షలు, బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ 15 లక్షలు, సప్లయర్లకు ఇవ్వాల్సింది 11 లక్షలు. మొత్తం 67 లక్షలు. అవతలి వైపు యంత్రాలు 22, స్టాకు 10, పార్టీల నుంచి రావలసిన బాకీలు 28, కాంట్రాక్టర్ల దగ్గర ఆగిన డిపాజిట్లు 5, బ్యాంకులో నిల్వ 2.

ఈ పట్టికలో రెండు సంగతులు చూడాలి. ఒకటి, షెడ్డు ఎక్కడా లేదు. అది పెద్దాయన సొంత పేరున ఉంది. ఫర్మ్ నెలకు 15 వేలు అద్దె ఇస్తోంది కానీ రాతపూర్వక లీజు లేదు. ‘షెడ్డు మనదే కదా’ అని మాటల్లో ఎంత అనుకున్నా, ఫర్మ్ ఆస్తి కానిదానిలో 25 శాతం వాటాదారుకు 25 పైసలు కూడా ఉండవు. అలాగని ఇది మోసమేమీ కాదు, ఆటోనగర్‌లో సగం ఫర్మ్‌లు ఇలాగే నడుస్తాయి. కానీ రేపు మాట తేడా వస్తే షెడ్డు తాళం ఎవరి చేతిలో ఉంటుందో తెలిసి చేరాలి. అందుకే డీడ్‌తో పాటు అయిదేళ్ల లీజు కాగితం అడిగాం, పెద్దాయన అభ్యంతరం చెప్పలేదు.

రెండోది రావలసిన బాకీలు. 28 లక్షలనూ పార్టీవారీగా, తేదీలవారీగా అడిగితే అందులో 6 లక్షలు రెండేళ్లు దాటినవి. ఒకటి మూతపడ్డ కాంట్రాక్టరుది, ఇంకొకటి బిల్లు మీదే గొడవ ఉన్నది. ఇవి పాత ఇద్దరి వ్యాపారంలో పుట్టిన నష్టం. కొత్త భాగస్వామి చేరే ముందురోజే వీటిని ఇక రానివని నష్టం కింద రాసేస్తే 60:40లో వాళ్లిద్దరి ఖాతాల్లోనే తగ్గుతాయి. చేరాక రాసేస్తే 45:30:25లో తగ్గుతాయి. అంటే తాను లేనప్పటి మొండి బాకీలో లక్షన్నర ఇతని పెట్టుబడిలోంచి పోతుంది.

చట్టం దగ్గర ఇతనికి ఒక రక్షణ ఉంది. భాగస్వామ్య చట్టం, 1932లోని సెక్షన్ 31 ప్రకారం కొత్తగా చేరినవాడు తాను చేరకముందు ఫర్మ్ చేసిన పనులకు బాధ్యుడు కాడు. కానీ ఆ రక్షణ బయటి అప్పులవాళ్ల దగ్గర పనిచేసేది. పాత నష్టం పుస్తకాల్లో దాక్కుని లోపలి లెక్కల్లోంచి వస్తే దాన్ని ఆపేది డీడ్ మాత్రమే. ఇంకో చిక్కు కూడా ఉంది. ఓవర్‌డ్రాఫ్ట్ రెన్యువల్‌కు కొత్త భాగస్వామి గ్యారంటర్‌గా సంతకం పెట్టాలని బ్యాంకు కాగితాలు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. ఆ 15 లక్షలు పాత అప్పు. గ్యారంటీ మీద సంతకం పెడితే సెక్షన్ 31 ఇచ్చిన రక్షణను తన చేత్తో తానే వదులుకున్నట్టు. కొత్త భాగస్వామి తెచ్చే డబ్బులోంచి ముందు ఓవర్‌డ్రాఫ్ట్‌ను 12 లక్షలకు దించాలని, గ్యారంటీ ఆ మొత్తానికే పరిమితం కావాలని, అతను ఫర్మ్ విడిచిన రోజున అతన్ని విడుదల చేయమని బ్యాంకును మిగతా ఇద్దరూ రాతపూర్వకంగా కోరాలని డీడ్‌లో రాయించాం. బ్యాంకు విడుదల చేస్తుందా లేదా అన్నది బ్యాంకు ఇష్టం. అందుకే విడుదల దొరికేదాకా ఆ గ్యారంటీ వల్ల నష్టం వస్తే మిగతా ఇద్దరూ భర్తీ చేయాలనే వాక్యం కూడా చేర్చాం.

ఇరవై లక్షల్లో పెట్టుబడి ఎంత?

పెట్టుబడి క్లాజు ఇలా ఉంది: ‘మూడో భాగస్వామి తన వాటా కోసం రూ.20,00,000 తెచ్చెదరు.’ అంతే. తెచ్చిన డబ్బంతా అతని పెట్టుబడి ఖాతాలోనే జమ అవుతుందని ఎక్కడా లేదు. అకౌంటెంటు తయారుచేసిన లెక్క కాగితం చూస్తే సంగతి తేలింది. 14 లక్షలు పెట్టుబడి, 6 లక్షలు గుడ్‌విల్, అంటే ఫర్మ్ ఇన్నాళ్లూ సంపాదించుకున్న పేరుకు కట్టిన వెల. ఆ 6 లక్షలు పాతవాళ్లిద్దరి ఖాతాల్లోకి 3.60, 2.40గా పోతాయి.

గుడ్‌విల్ అడగడంలో తప్పు లేదు. పెద్దాయన 60 నుంచి 45కు, బావమరిది 40 నుంచి 30కు దిగుతున్నారు. ఒకరు 15, ఒకరు 10 వదులుకుంటున్నారు కాబట్టి ఆ సొమ్మును 3:2లో పంచుకోవడమూ సరైనదే. తప్పంతా అది డీడ్‌లో లేకపోవడంలో ఉంది. పెట్టుబడిగా జమ అయిన రూపాయి మీద వడ్డీ వస్తుంది, వెళ్లేటప్పుడు తిరిగి వస్తుంది. గుడ్‌విల్‌గా ఇచ్చిన రూపాయి ఆ రోజే అవతలివాళ్లది అయిపోతుంది. కొత్త భాగస్వామి తన 20 లక్షలూ ఫర్మ్‌లో తన పేరునే ఉంటాయనుకున్నాడు.

ఆ 6 లక్షలు ఎలా వచ్చాయో చూశాం. మూడేళ్ల లాభాలు 9, 11, 16 లక్షలు. సగటు 12. రెండేళ్ల కొనుగోలు లెక్కన, అంటే సగటు లాభానికి రెండింతలు కడితే 24, అందులో పాతిక శాతం 6. పద్ధతి మామూలుదే. కానీ చివరి ఏడాది 16 లక్షల్లో 6 లక్షలు పాత ప్లేట్ బెండింగ్ యంత్రం అమ్మగా వచ్చిన లాభం, ఏటా వచ్చేది కాదు. అది తీసేస్తే 9, 11, 10. సగటు 10, రెండేళ్లకు 20, పాతిక శాతం 5. ఈ లాభాలు భాగస్వాముల పారితోషికం తీయకముందువి. షెడ్డులో రోజంతా నిలబడే ఇద్దరి పనికి జీతం తీసేసి సగటు కట్టమని కూడా అడగొచ్చు. పెద్దాయన దానికి ససేమిరా అన్నారు. రెండేళ్ల గుణకం మరీ ఎక్కువేమీ కాదు కాబట్టి అక్కడ పట్టుబట్టవద్దని చెప్పాం.

చివరకు క్లాజు ఇలా మారింది: 20 లక్షల్లో 15 లక్షలు కొత్త భాగస్వామి పెట్టుబడి ఖాతాకు, 5 లక్షలు గుడ్‌విల్‌గా పెద్దాయన ఖాతాకు 3, బావమరిది ఖాతాకు 2. గుడ్‌విల్ సొమ్మును వాళ్లు బయటికి తీయకుండా ఫర్మ్‌లోనే ఉంచాలి. మొండి బాకీ 6 లక్షలు ముందే 3.60, 2.40గా వాళ్ల ఖాతాల్లో తగ్గుతాయి. వాటిలో ఎప్పుడైనా రూపాయి వసూలైతే అది వాళ్లిద్దరిదే. ఈ సర్దుబాట్లన్నీ అయ్యాక పెట్టుబడులు 23.40, 8.60, 15 లక్షలు. మొత్తం 47. ఈ మూడు అంకెలూ డీడ్‌కు షెడ్యూలుగా జతచేసి ముగ్గురూ సంతకం పెట్టారు. డబ్బంతా బ్యాంకు బదిలీ ద్వారానే.

పెట్టుబడి పేజీలోనే అడుగున ఇంకో వాక్యం ఉంది. ‘అవసరమైనప్పుడు భాగస్వాములు వాటా మేరకు అదనపు పెట్టుబడి తేవలెను. పదిహేను రోజుల్లో తేనివారి వాటాను మేనేజింగ్ పార్ట్‌నర్ తగ్గించవచ్చును.’ నా లెక్కలో మొత్తం డ్రాఫ్టులో అత్యంత ప్రమాదకరమైన వాక్యం ఇదే. అవసరం ఎప్పుడన్నది మేనేజింగ్ పార్ట్‌నరైన పెద్దాయనే తేలుస్తారు, ఎంతన్నదీ ఆయనే, తగ్గింపు ఎంతన్నదీ ఆయనే. చేతిలో డబ్బు లేని నెల చూసి 20 లక్షలు తెమ్మంటే పాతిక శాతం అయిదు శాతం కావడానికి పదహారు రోజులు చాలు. దీన్ని కొట్టేసి, ముగ్గురూ రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే అదనపు పెట్టుబడి అని, ఒకరే తెస్తే అది 12 శాతం వడ్డీ అప్పు అని, లాభం నిష్పత్తి మాత్రం మారదని రాశాం. అప్పు అని రాయడం కూడా ముఖ్యమే. ఆ మాట ఫర్మ్ మూతపడే రోజున పనికొస్తుంది.

25 శాతం, దేనిలో?

లాభం క్లాజులో 45:30:25 స్పష్టంగా ఉంది. కానీ అది ‘నికర లాభం’లో. నికర లాభం తేలేలోపు ఏమేమి తీయాలో అయిదో పేజీలో ఉంది. పెట్టుబడుల మీద 12 శాతం వడ్డీ, లాభం ఉన్నా లేకపోయినా. పెద్దాయన అప్పు మీద 12 శాతం. పెద్దాయనకు నెలకు 40 వేలు, బావమరిదికి 30 వేలు పారితోషికం. కొత్త భాగస్వామికి పారితోషికం లేదు, ఆయనను స్లీపింగ్ పార్ట్‌నర్ అన్నారు. పని తెచ్చేదీ, సైటుకు వెళ్లేదీ ఆయనే అయినా సరే.

డ్రాఫ్టు ప్రకారం ఒక మంచి ఏడాది తీసుకుందాం. ఇవన్నీ తీయకముందు లాభం 18 లక్షలు. డ్రాఫ్టులో పెట్టుబడులు 27.60, 11.40, 14. మొత్తం 53 మీద వడ్డీ 6.36 లక్షలు. పెద్దాయన అప్పు వడ్డీ 96 వేలు. పారితోషికాలు 8.40. మిగిలింది 2.28 లక్షలు. దాంట్లోంచి ఫర్మ్ ఆదాయపు పన్ను కట్టాలి, సెస్సుతో కలిపి 31.2 శాతం. ఇక్కడ చిన్న మెలిక ఉంది. భాగస్వాముల పారితోషికానికి పన్ను చట్టం ఒక పరిమితి పెట్టింది. వడ్డీలు తీశాక ఉన్న లాభంలో మొదటి 6 లక్షల మీద 90 శాతం లేదా 3 లక్షలు, ఏది ఎక్కువైతే అది. ఆపైన 60 శాతం. ఈ ఏడాదికి అది 8.21 లక్షలు. కాబట్టి దాదాపు 19 వేలు పరిమితి దాటి, దాని మీదా పన్ను పడుతుంది. పన్ను 77 వేలు పోగా పంచుకోవడానికి మిగిలేది రూ.1.51 లక్షలు. అందులో పాతిక శాతం 37,700. వడ్డీ 1.68తో కలిపి కొత్త భాగస్వామికి ఏడాదికి దక్కేది 2.06 లక్షలు. ఆయన మనసులో ఉన్న లెక్క 18లో పాతిక శాతం, అంటే 4.50 లక్షలు.

ఇక లాభం సగానికి, 9 లక్షలకు పడిన ఏడాది చూడండి. వడ్డీలు 7.32 తీస్తే 1.68 మిగులుతుంది. దాంట్లోంచి పారితోషికం 8.40 తీయాలి. పుస్తకాల్లో 6.72 లక్షల నష్టం! దానిలో పాతిక శాతం, 1.68, కొత్త భాగస్వామి ఖాతాలో ఖర్చు. అతనికి వచ్చిన వడ్డీ కూడా సరిగ్గా 1.68. అంటే 9 లక్షలు సంపాదించిన ఫర్మ్‌లో 20 లక్షలు పెట్టినవాడికి సున్నా. పెద్దాయనకు 6.05 లక్షలు, బావమరిదికి 2.95. మూడూ కలిపితే 9. ఎక్కడా దొంగలెక్క లేదు, డీడ్‌లో రాసినట్టే పంచారు.

ఈ పట్టిక చూపించినప్పుడు పెద్దాయన అన్న మాట: ‘ఏటి బాబూ, నేనేమన్నా నీ డబ్బు తినేస్తానా? పదేళ్ల బట్టి మేం ఇలాగే రాసుకుంటన్నాం.’ ఆయన చెప్పింది నిజం. బావా బావమరుదులిద్దరికీ జీతం ఉన్నంతకాలం ఆ పద్ధతి వల్ల ఎవరికీ నొప్పి తెలియలేదు. జీతం లేని మూడో మనిషి చేరగానే అదే వాక్యం ఒకవైపు వాలిపోయింది.

మార్పు మూడు చోట్ల చేశాం. పెట్టుబడి వడ్డీ లాభంలోంచే, లాభం ఉన్నంతవరకే. భాగస్వామ్య చట్టంలోని సెక్షన్ 13 చెప్పేదీ అదే. డీడ్‌లో వేరేగా రాసుకుంటేనే అది తప్పుతుంది, డ్రాఫ్టు రాసుకున్నది సరిగ్గా అలాగే. రెండోది, కొత్త భాగస్వామిని కూడా పనిచేసే భాగస్వామి అని రాశాం. పని చేయని భాగస్వామికి ఇచ్చే పారితోషికాన్ని పన్ను లెక్కలో ఖర్చుగా ఒప్పుకోరు. స్లీపింగ్ అని రాసుకున్నంత మాత్రాన అప్పుల బాధ్యత తగ్గదు కూడా, బయటివాళ్లకు ముగ్గురూ పూర్తిగా బాధ్యులే. మూడోది, నెల జీతాలకు బదులు ఒక సూత్రం: వడ్డీలు తీశాక మిగిలినదానిలో సగం పారితోషికం, దాన్ని 45:30:25లో పంచుకోవాలి, మొత్తం పన్ను చట్టం పరిమితి దాటకూడదు. పారితోషికం ఎంతో, లేదా ఎలా లెక్కకట్టాలో డీడ్‌లోనే ఉండాలి. ‘పరస్పర అంగీకారం మేరకు’ అని వదిలేస్తే ఆ ఖర్చును పన్ను అధికారి తీసేయొచ్చు.

కొత్త లెక్కలో 18 లక్షల ఏడాదికి వడ్డీలు 6.60, మిగిలేది 11.40. పారితోషికం 5.70. మిగతా 5.70లో పన్ను 1.78 పోగా పంచుకునేది 3.92. కొత్త భాగస్వామికి వడ్డీ 1.80, పారితోషికం 1.42, లాభం 98 వేలు. మొత్తం 4.20 లక్షలు. 9 లక్షల ఏడాదిలో ఇదే సూత్రంతో 2.31 లక్షలు వస్తాయి.

వడ్డీ, పారితోషికం మీద అతను తన సొంత రిటర్నులో పన్ను కట్టాలి. లాభం వాటా మీద ఫర్మే కట్టేసింది కాబట్టి మళ్లీ అక్కర్లేదు. 2025 ఏప్రిల్ 1 నుంచి ఒక భాగస్వామికి ఇచ్చే వడ్డీ, పారితోషికం ఏడాదికి 20 వేలు దాటితే ఫర్మ్ 10 శాతం టీడీఎస్ కోయాలి. నగదు ఇవ్వకుండా ఖాతాలో జమ చేసినా కోయాల్సిందే. అందుకే మార్చి 31న జమ వేసేసి టీడీఎస్ మర్చిపోవడం ఇప్పుడు పెద్ద తప్పు అవుతోంది.

తీసుకోవడం, వెళ్లిపోవడం

డ్రాఫ్టులో సొంతవాడకాల గురించి ఒకే మాట: ‘అవసరాన్ని బట్టి.’ పెద్దాయన బ్యాంకు ఖాతాకు ఏకైక సంతకందారు. కాబట్టి అవసరం ఎవరిదో చెప్పనక్కర్లేదు. ఆర్నెల్ల లెడ్జరు తిరగేస్తే ఇంటి పెళ్లికి 3 లక్షలు తీసిన నెలలోనే స్టీలు సప్లయరు చెక్కు వెనక్కి వచ్చింది. నెలకు 30, 20, 17 వేల చొప్పున పరిమితి పెట్టాం. ఇది ఏడాది చివర వచ్చే పారితోషికం, వడ్డీలకు అడ్వాన్సు. దానికి మించి తీస్తే 12 శాతం వడ్డీ. 50 వేలు దాటిన ప్రతి చెల్లింపుకూ ఇద్దరి సంతకం ఉండాలి, ఒకరు కొత్త భాగస్వామి అయి తీరాలి. మేనేజింగ్ పార్ట్‌నర్‌కు నచ్చకపోయినా ఈ రెండో సంతకం విషయంలో వెనక్కి తగ్గవద్దనే నా సలహా. మిగతా క్లాజులన్నీ గొడవ వచ్చాక పనికొచ్చేవి, ఇది గొడవ రాకుండా ఆపేది.

రిటైర్మెంటు క్లాజు వేరే సంగతి. అయిదేళ్లలోపు వెళ్లకూడదు, ఆర్నెల్ల నోటీసు. వెళ్లేటప్పుడు ‘పుస్తకాల్లోని పెట్టుబడి నిల్వ’ 36 నెలసరి వాయిదాల్లో, వడ్డీ లేకుండా. గుడ్‌విల్ లేదు. డ్రాఫ్టు లెక్కన 14 లక్షలు నెలకు 38,900 చొప్పున మూడేళ్లు వస్తాయి. లోపలికి వచ్చేటప్పుడు గుడ్‌విల్ ఉంది, బయటికి వెళ్లేటప్పుడు లేదు. నిజానికి డీడ్‌లో ఏమీ రాసుకోకపోతే సెక్షన్ 37 ఇంతకన్నా మెరుగు. విడిచినవాడి లెక్క తేల్చకుండా వ్యాపారం నడిపితే అతను ఆ డబ్బు మీద 6 శాతం వడ్డీ అయినా, తన సొమ్ము వాడినందువల్ల వచ్చిన లాభంలో వాటా అయినా ఎంచుకోవచ్చు. డ్రాఫ్టు ఆ హక్కును కొట్టేసింది.

మార్చిన క్లాజు: మూడు నెలల నోటీసు. వెళ్లే తేదీకి లెక్క కట్టాలి, మార్చి 31 దాకా ఆగకూడదు. గుడ్‌విల్ చేరినప్పటి సూత్రంతోనే: మూడేళ్ల సగటు, ఒకసారి వచ్చే లాభాలు తీసేసి, రెండేళ్ల కొనుగోలు, అందులో పాతిక శాతం. తేలిన మొత్తంలో పాతిక శాతం 30 రోజుల్లో, మిగతాది 12 నెలసరి వాయిదాల్లో 12 శాతం వడ్డీతో. పెట్టుబడి నిల్వ కన్నా ఎక్కువ చెల్లిస్తే ఆ ఎక్కువ మీద ఫర్మ్‌కు పన్ను పడే అవకాశం ఉంది. దాన్ని వెళ్లేవాడి సొమ్ములోంచి కోస్తారా, ఉండేవాళ్లు భరిస్తారా అన్నది రాయకపోతే చివర్లో అదే పేచీ. ఉండేవాళ్లే భరించాలని రాశాం.

అయిదేళ్ల నిబంధన మీద రెండేళ్లు అడిగితే పెద్దాయన మూడు దగ్గర ఆగిపోయారు. కొత్త భాగస్వామి ఒప్పుకున్నాడు.

విడిచిపెట్టాక డబ్బు వస్తే సరిపోదు, బయటివాళ్లకు తెలియాలి. సెక్షన్ 32 ప్రకారం బహిరంగ నోటీసు ఇచ్చేదాకా పాత భాగస్వామి బాధ్యత బయటివాళ్ల దృష్టిలో కొనసాగుతూనే ఉంటుంది. రిజిస్టరైన ఫర్మ్‌కు బహిరంగ నోటీసు అంటే రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్‌కు తెలియజేయడం, గెజిట్‌లో వేయించడం, జిల్లాలో తిరిగే ఒక స్థానిక భాషా పత్రికలో ప్రకటన. ఈ మూడూ ఎవరు చేయించాలి, ఎన్ని రోజుల్లో అన్నది డ్రాఫ్టులో లేదు. ముప్పై రోజుల్లో ఫర్మ్ ఖర్చుతో చేయించాలని, లేకుంటే వెళ్లేవాడే చేయించుకుని ఖర్చు రాబట్టుకోవచ్చని చేర్చాం.

మూసేసే రోజు

పాత డీడ్‌లో ఇది ‘ఇచ్ఛానుసార భాగస్వామ్యం’ అని ఉంది. డ్రాఫ్టు ఆ మాటను అలాగే ఎత్తి రాసింది. వినడానికి స్వేచ్ఛలా ఉంటుంది. సెక్షన్ 43 ప్రకారం అలాంటి ఫర్మ్‌ను ఏ ఒక్కరైనా మిగతావాళ్లకు రాతపూర్వక నోటీసు ఇచ్చి రద్దు చేయొచ్చు. షెడ్డు తన పేరున ఉండి, పార్టీలన్నీ తన ముఖం చూసి పని ఇచ్చేవాళ్లు అయినప్పుడు పెద్దాయనకు ఫర్మ్ రద్దు చేయడం వల్ల పోయేది తక్కువ. మూడేళ్ల దాకా రద్దు లేదని, తర్వాత కూడా ముగ్గురిలో ఇద్దరు మూడు నెలల నోటీసు ఇస్తేనే అని, ఒక్కరికే విసుగొస్తే రిటైర్మెంటు దారి ఉందని రాశాం. చనిపోతే ఫర్మ్ ఆగిపోతుందనే సెక్షన్ 42 నియమాన్ని కూడా మార్చుకోవచ్చు. ఒకరు పోయినా మిగతా ఇద్దరూ నడుపుతారు, వారసులకు డబ్బు లెక్క తేల్చి ఇస్తారు, కుర్చీ మాత్రం ఇవ్వరు.

డబ్బు పంపకం వరస సెక్షన్ 48లో ఉంది. ముందు బయటి అప్పులు, తర్వాత భాగస్వాములు పెట్టుబడికి అదనంగా ఇచ్చిన అప్పులు, ఆ తర్వాత పెట్టుబడులు, ఇంకా మిగిలితే లాభం నిష్పత్తిలో. దీన్ని అంకెల్లో చూస్తేగానీ నష్టం ఎక్కడ తగులుతుందో అర్థం కాదు. ఒక ఊహాలెక్క: మూసే రోజుకు బ్యాంకుకు 12, సప్లయర్లకు 14, పెద్దాయన అప్పు 8, పెట్టుబడులు 47. పుస్తకాల్లో ఆస్తులు 81 లక్షలు. పాత యంత్రాలు, చిల్లర స్టాకు, వసూలు కాని బిల్లులు అన్నీ అమ్మి, రాబట్టి చేతికొచ్చింది 48. బయటి అప్పులు 26 పోగా 22. పెద్దాయన అప్పు 8 పోగా 14.

పెట్టుబడి 47 పెట్టిన ముగ్గురికీ 14 మిగిలింది. దాన్ని పెట్టుబడి నిష్పత్తిలో పంచేయరు. ఇక్కడే చాలామంది పొరబడతారు. ముందు నష్టం 33 లక్షలను లాభం నిష్పత్తిలో, 14.85, 9.90, 8.25గా పెట్టుబడుల్లోంచి తీయాలి. పెద్దాయనకు 8.55 మిగులుతుంది, కొత్త భాగస్వామికి 6.75. బావమరిదికి పెట్టుబడి 8.60, నష్టం 9.90. అంటే ఆయన ఇంటినుంచి 1.30 లక్షలు తేవాలి. ఆయన దివాలా తీసి తేలేకపోతే? డీడ్‌లో రాసుకోకపోతే, 1904లో ఇంగ్లండు కోర్టు ఇచ్చిన గార్నర్ వర్సెస్ మర్రే తీర్పు ప్రకారం ఆ లోటును మిగతా ఇద్దరూ తమ పెట్టుబడుల నిష్పత్తిలో, 23.40:15లో భరిస్తారనే లెక్క వాడతారు. కొత్త భాగస్వామి మీద ఇంకో 51 వేలు పడుతుంది. డీడ్‌లో దీన్ని 45:25 అని మార్చుకున్నారు. అప్పుడు అతని భాగం 46 వేలు. తేడా చిన్నదే. కానీ పెట్టుబడి ఎక్కువ ఉంచి లాభం తక్కువ తీసుకునే భాగస్వామికి ఈ వాక్యం పెద్దదవుతుంది.

పెద్దాయన 8 లక్షల అప్పు పెట్టుబడి కన్నా ముందు వరసలో ఉండటం గమనించారు కదా. ఆ అప్పును ఏ ఏడాదైనా పుస్తకాల్లో పెంచుకుంటూ పోతే చివర్లో కొత్త భాగస్వామి వెనక్కి జరుగుతాడు. అందుకే భాగస్వాముల అప్పులు 10 లక్షలు దాటాలంటే ముగ్గురి సంతకం కావాలి. యంత్రాలను ‘పుస్తక విలువకు’ పెద్దాయన తీసుకోవచ్చన్న వాక్యం తీసేసి, బయటి వాల్యుయర్ చెప్పిన ధరకు ముందు అవకాశం ఆయనకు అని ఉంచాం. ఫర్మ్ పేరు మాత్రం ఆయనదే. ఆయన ఇంటిపేరు మీద ఉన్న బోర్డును ఇంకెవరు తీసుకుని ఏం చేస్తారు?

ఇన్ని క్లాజులూ కోర్టులో నిలబడాలంటే కొత్త భాగస్వామి పేరు ఫర్మ్‌ల రిజిస్టరులో ఎక్కాలి. రిజిస్టరులో పేరు లేని భాగస్వామి డీడ్ హక్కుల కోసం ఫర్మ్ మీదా తోటి భాగస్వాముల మీదా దావా వేయలేడని సెక్షన్ 69 చెబుతుంది. రద్దు కోసం, రద్దయిన ఫర్మ్ లెక్కల కోసం మాత్రం వేయొచ్చు. అంటే ఫర్మ్ నడుస్తున్నంతకాలం ఈ పదకొండు పేజీలూ అతని చేతిలో కాగితాలే. ఈ ఫర్మ్ 2014లోనే రిజిస్టరైంది కాబట్టి మార్పు నమోదు చేయించడమే మిగిలింది. జీఎస్టీ పోర్టల్‌లో REG-14 ఫారం ద్వారా పదిహేను రోజుల్లో భాగస్వామి చేర్పు పెట్టాలి. పాన్ మారదు. బ్యాంకు సంతకాల మాండేటు అదే వారంలో మారింది. డబ్బు బదిలీ మాత్రం మాండేటు మారిన కాగితం చేతికి వచ్చాకే వెళ్లింది.